పని అందరిదీ, జవాబు ఎవరిది?

2013 అక్టోబర్ 1న అమెరికా ప్రభుత్వం హెల్త్‌కేర్ డాట్ గవ్ అనే వెబ్‌సైట్‌ను జనం కోసం తెరిచింది. ఆరోగ్య బీమా లేనివాళ్లు ఇంట్లో కూర్చునే వేర్వేరు కంపెనీల ప్లాన్లను పోల్చి చూసుకోవాలి, తమ ఆదాయాన్నిబట్టి ప్రభుత్వ సాయం ఎంత వస్తుందో తెలుసుకోవాలి, నచ్చిన ప్లాన్‌లో అక్కడికక్కడే చేరిపోవాలి. అదీ ఉద్దేశం. 36 రాష్ట్రాల ప్రజలకు ఈ వెబ్‌సైటే దారి. మొదటి రోజే లక్షల మంది తలుపు తట్టారు. చాలామందికి తెర మీద తిరిగే చక్రం తప్ప ఏమీ కనిపించలేదు. ఆ రోజు ముగిసేసరికి బీమాలో చేరగలిగింది ఆరుగురు. రెండో రోజు చివరికి ఆ లెక్క 248. ఈ అంకెలు ప్రభుత్వ అధికారులు రోజూ జరుపుకున్న సమావేశాల నోట్సులో ఉన్నాయి. తర్వాత పార్లమెంటరీ కమిటీ ఒకటి వాటిని బయటపెట్టింది.

ఈ వైఫల్యం గురించి సాంకేతిక కోణంలో చాలా చర్చ జరిగింది. సర్వర్లు చాలలేదని, కోడ్ బాగా లేదని, పరీక్షలకు సమయం దొరకలేదని అందరూ ఒప్పుకున్నారు. అవన్నీ నిజాలే. కానీ ఏ కంపెనీలోనైనా, ఏ కార్యాలయంలోనైనా కొత్త వస్తువునో కొత్త సేవనో జనంలోకి తెచ్చేవాళ్లు ఇందులో చూడాల్సింది మరొకటి ఉంది. ఈ పనిలో బాధ్యతలు పంచుకున్నవాళ్లకు కొదవ లేదు. ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం లెక్క ప్రకారం 33 కంపెనీలతో 60 కాంట్రాక్టులు నడిచాయి. ప్రతి కంపెనీకీ తన వాటా పని ఏమిటో కాగితం మీద ఉంది. లేనిదల్లా, ఈ ముక్కలన్నీ కలిసి పనిచేస్తాయా అని అడిగితే అవునో కాదో చెప్పి, కాదంటే ఆపగల ఒక మనిషి.

ఎవరు ఏం చేశారో కొంచెం వివరంగా చూద్దాం. ఆరోగ్య శాఖ కింద సీఎంఎస్ అనే పెద్ద సంస్థ ఉంది. వృద్ధులకు, పేదలకు ఉద్దేశించిన ప్రభుత్వ ఆరోగ్య పథకాలను నడిపేది అదే. వెబ్‌సైట్ కట్టించే పని దానికి అప్పగించారు. జనానికి కనిపించే ప్రధాన భాగాన్ని, అంటే దరఖాస్తు నింపడం, ప్లాన్ ఎంచుకోవడం వంటివాటిని సీజీఐ ఫెడరల్ అనే కంపెనీ తయారుచేసింది. దరఖాస్తుదారు ఆదాయం, పౌరసత్వం లాంటి వివరాలను వేర్వేరు ప్రభుత్వ శాఖల దగ్గర సరిచూసే డేటా హబ్‌ను క్యూఎస్ఎస్ఐ కట్టింది. మొట్టమొదట ఖాతా తెరిచే భాగం కూడా క్యూఎస్ఎస్ఐదే. ఇక ఎవరైనా ప్లాన్ ఎంచుకోగానే వారి వివరాలతో ఒక ఎలక్ట్రానిక్ పత్రం బీమా కంపెనీకి వెళ్లాలి. ఆ రంగంలో దాన్ని 834 అంటారు. అది తప్పుగా వెళితే, బీమాలో చేరాననుకున్న మనిషి పేరు ఆ కంపెనీ దగ్గర ఉండదు.

వీటన్నిటినీ కలిపి ఒక్కటిగా నడిపించే పనిని సాధారణంగా ఒక ప్రధాన కాంట్రాక్టరుకు ఇస్తారు. ఇక్కడ సీఎంఎస్ దాన్ని తన చేతుల్లోనే ఉంచుకుంది. తప్పేమీ కాదు, చేయగలిగితే. కానీ సీఎంఎస్ అంటే ఒక మనిషి కాదు. అందులో సాంకేతిక విభాగం వేరు, బీమా విధానాలు చూసే విభాగం వేరు, కాంట్రాక్టులు చూసే విభాగం వేరు, ప్రచారం చూసేవాళ్లు వేరు. 2013 వసంతంలోనే మెకిన్సీ సంస్థ ఈ ప్రాజెక్టును పరిశీలించి, నిర్ణయాధికారం ఒక్కచోట లేదని, ఒక నాయకుణ్ణి నియమించాలని, మొత్తం వ్యవస్థను పరీక్షించడానికి ఇచ్చిన సమయం చాలదని హెచ్చరించింది. ప్రారంభానికి ఇంకా ఐదారు నెలలున్నప్పటి మాట అది.

అక్టోబర్ 24న ప్రతినిధుల సభ కమిటీ ముందు కంపెనీల ప్రతినిధులు వరసగా కూర్చున్నారు. తమ భాగం తాము చేశామని, అది పనిచేసిందని ఎవరికి వాళ్లు చెప్పారు. మొత్తాన్ని మొదటినుంచి చివరిదాకా పరీక్షించే పని ఎవరిదని అడిగితే సీఎంఎస్‌దన్నారు. ఆ పరీక్ష ప్రారంభానికి ముందు చివరి రెండు వారాల్లోనే జరిగిందన్నారు. అక్టోబర్ 1న తెరవాలన్న నిర్ణయం ఎవరిదని అడిగినా సీఎంఎస్ వైపే చూపించారు. ఆ కంపెనీలు అబద్ధం చెప్పలేదు. మన పెద్దవాళ్లు పదిమందిలో పాము చావదన్నది ఇలాంటి చోటే. పదిమందీ కర్రలు పట్టుకునే ఉన్నారు. దెబ్బ వేయాల్సింది ఎవరో తేలలేదు.

ఇలాంటి పరిస్థితి రాకుండా ప్రాజెక్టులు నడిపేవాళ్లు ఒక పట్టిక వాడతారు. దానిపేరు రేసీ. నాలుగు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలతో ఆ పేరు వచ్చింది. నిలువు గడుల్లో మనుషులు లేదా బృందాలు, అడ్డ వరసల్లో పనులు, నిర్ణయాలు. ఒక్కో గడిలో ఆ పనికీ ఆ మనిషికీ ఉన్న సంబంధం ఏమిటో రాస్తారు. ఆఫీసుల్లో ఆర్, ఏ, సీ, ఐ అని రాసుకునేవాటిని ఇక్కడ పని, జవాబు, సలహా, కబురు అనుకుందాం.

"పని" అని రాసి ఉన్నవాళ్లు చేతులతో ఆ పని చేసేవాళ్లు. ఎంతమందైనా ఉండొచ్చు. ఇదే బాధ్యత. "జవాబు" అని ఉన్నచోట ఒక వరసకు ఒక్కరే ఉండాలి. ఆ పని అయిందా, సరిగా అయిందా అని ఎవరు అడిగినా సమాధానం చెప్పాల్సినవారు, పూర్తయిందని ఒప్పుకోవడానికీ కాలేదని వెనక్కి పంపడానికీ అధికారం ఉన్నవారు. ఇది జవాబుదారీతనం. "సలహా" ఉన్నవాళ్లను నిర్ణయానికి ముందే అడగాలి, వాళ్ల మాట వచ్చేదాకా ఆగాలి. "కబురు" ఉన్నవాళ్లకు నిర్ణయం అయ్యాక చెబితే చాలు. చిన్న జట్టులో పని చేసేవారూ జవాబు చెప్పేవారూ ఒక్కరే కావచ్చు. అప్పుడు ఒకే గడిలో రెండు మాటలూ రాస్తారు.

బాధ్యతకూ జవాబుదారీతనానికీ ఉన్న తేడా గురించి అడిగితే చాలామంది ఒకటే చెబుతారు: పని చేసేవాడిది బాధ్యత, చెడిపోతే తిట్లు తినేవాడిది జవాబుదారీ. ఈ నిర్వచనంతోనే గొడవంతా మొదలవుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. తిట్లు తినడం పని చెడిపోయాక జరిగేది. పట్టికలో "జవాబు" అన్న గడి పని చెడకముందు వాడడానికి పెట్టింది. ఆ గడిలో ఉన్న మనిషికి "ఇది సిద్ధంగా లేదు, ఇప్పుడు వద్దు" అనే హక్కు ఉండాలి. ఆ హక్కు ఇవ్వకుండా పేరు మాత్రమే రాస్తే మనం జవాబుదారీని నియమించినట్టు కాదు, రేపు నింద వేయడానికి ఒక మనిషిని ముందే ఎంచిపెట్టుకున్నట్టు.

అమెరికా ఆరోగ్య మంత్రి క్యాథ్లీన్ సెబీలియస్ అక్టోబర్ 30న అదే కమిటీ ముందుకొచ్చి, ఈ వైఫల్యానికి తననే జవాబుదారీ చేయమని చెప్పారు. తప్పించుకోకుండా నిలబడినందుకు ఆమెను గౌరవించాలి. మరుసటి ఏప్రిల్‌లో రాజీనామా ప్రకటించారు. కానీ ఆ మాట అక్టోబర్ 30న కాక సెప్టెంబర్ 15న కావలసింది. తెరవడమా, ఆపడమా అన్నది నాది, నాకు పరీక్ష ఫలితాలు తెచ్చి చూపించండి అని ఎవరో ఒకరు అప్పుడు అని ఉంటే, అక్టోబర్ 1 వేరేలా ఉండేదని నా నమ్మకం.

ఇప్పుడు ఆ ప్రారంభానికి ఒక పట్టిక గీద్దాం. ఇది ఆనాటి అధికారిక కాగితం కాదు. జరిగినదంతా తెలిశాక, ఎలా ఉండాల్సిందో చూపడానికి నేను వేసుకున్నది. అసలు ప్రాజెక్టులో అయితే వందకు పైగా వరసలుంటాయి. అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగినచోట్ల నుంచి ఐదు మాత్రం తీసుకున్నాను.

| పని లేదా నిర్ణయం | సీఎంఎస్‌లో ప్రారంభ నాయకుడు | వెబ్‌సైట్ కంపెనీ | ఖాతా, డేటా హబ్ కంపెనీ | బీమా కంపెనీలు | మంత్రి |
|---|---|---|---|---|---|
| ఖాతా తెరిచే సాఫ్ట్‌వేర్ తయారీ | కబురు | సలహా | పని, జవాబు | – | – |
| ఖాతా లేకుండా ప్లాన్లు చూడనివ్వాలా అన్న నిర్ణయం | జవాబు | పని | సలహా | కబురు | కబురు |
| 834 పత్రం తప్పుల్లేకుండా బీమా కంపెనీకి చేరడం | కబురు | పని, జవాబు | సలహా | సలహా | – |
| ఖాతా తెరవడం నుంచి 834 చేరేదాకా మొత్తం పరీక్ష | జవాబు | పని | పని | పని | కబురు |
| అక్టోబర్ 1న తెరవడమా, వాయిదానా | పని | సలహా | సలహా | కబురు | జవాబు |

మొదటి వరస తేలిక. ఒక కంపెనీ భాగం, ఆ కంపెనీలోనే పని చేసేవాళ్లూ జవాబు చెప్పేవాళ్లూ. ఇలాంటి వరసలు ఆనాడు కూడా బాగానే ఉన్నాయి. కాంట్రాక్టుల నిండా ఉన్నవి ఇవే. ఏ ప్రాజెక్టులోనైనా ఒక బృందం గోడల మధ్య ఉండిపోయే పనులకు జవాబుదారీ తేలిగ్గా దొరుకుతారు. చిక్కంతా గోడ దాటే పనులతోనే.

రెండో వరస దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. బజారులో దుకాణంలోకి వెళితే ముందు సరుకు చూస్తాం, నచ్చితే పేరు రాయిస్తాం. హెల్త్‌కేర్ డాట్ గవ్‌లో కూడా ఖాతా లేకుండా ప్లాన్లు తిరగేసి చూసే వీలు పెట్టాలనుకున్నారు. ప్రారంభానికి కొద్దిరోజుల ముందు దాన్ని పక్కన పెట్టేశారు. దాంతో ఊరికే చూసి పోదామని వచ్చినవాళ్లు సైతం మొదట ఖాతా తెరవాల్సి వచ్చింది. ఆ ఒత్తిడంతా ఖాతా తెరిచే భాగం మీద పడింది. తొలి రోజుల్లో జనం ఇరుక్కుపోయింది సరిగ్గా అక్కడే. క్యూఎస్ఎస్ఐ మాతృసంస్థ ప్రతినిధి కమిటీ ముందు ఇదే చెప్పారు: ఆలస్యంగా తీసుకున్న ఆ నిర్ణయం వల్ల ఒకేసారి ఖాతా తెరవడానికి వచ్చేవాళ్లు పెరిగి ఉండవచ్చని.

ఒక్క వరసలోని ఒక్క మార్పు ఇంకో వరసను ఎలా కూల్చిందో చూడండి. ఖాతా సాఫ్ట్‌వేర్ కట్టినవాళ్లు కొంత రద్దీని ఊహించుకుని కట్టారు. ఆ రద్దీని పెంచే నిర్ణయం మరెక్కడో జరిగింది. పట్టిక ఉంటే ఆ వరసలో వాళ్ల గడిలో "సలహా" అని ఉండేది. అంటే నిర్ణయానికి ముందే "ఇలా చేస్తే మీ భాగం తట్టుకుంటుందా?" అని వాళ్లను అడిగి, జవాబు వచ్చేదాకా ఆగి తీరాలి. "కబురు" అని ఉంటే నిర్ణయం అయ్యాక ఒక ఉత్తరంతో సరిపోతుంది. సలహా గడికీ కబురు గడికీ ఉన్న తేడా ఇంత ఖరీదైనది. అయినా చాలాచోట్ల ఈ రెండింటినీ మర్యాద కొద్దీ నింపుతారు. పెద్దవాళ్లందరికీ సలహా, చిన్నవాళ్లందరికీ కబురు. అది పూర్తిగా తప్పు. ఎవరి పని మీద ఆ నిర్ణయం బరువు పడుతుందో వాళ్ల గడిలో సలహా ఉండాలి, వాళ్ల హోదా ఏదైనా సరే.

మూడో వరస జనానికి కనిపించేది కాదు. వెబ్‌సైట్ మీదే అందరి కళ్లూ ఉన్న రోజుల్లో దీన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. అక్టోబర్, నవంబర్ నెలల్లో వెళ్లిన 834 పత్రాల్లో దాదాపు నాలుగో వంతు తప్పులతో వెళ్లి ఉంటాయని సీఎంఎస్ డిసెంబర్‌లో అంచనా చెప్పింది. వెబ్‌సైట్ దృష్టిలో పత్రం పంపేయడంతో పని అయిపోయింది. బీమా కంపెనీ దృష్టిలో సరైన పత్రం అందితేనే పని అయినట్టు. అందుకే వరస పేరు "834 పంపడం" అని రాయకూడదు, "తప్పుల్లేకుండా చేరడం" అని రాయాలి. పని ముగిసినట్టు ఎలా తెలుస్తుందో వరస పేరులోనే ఉండాలి. పట్టికలో "టెస్టింగ్", "మార్కెటింగ్", "సమన్వయం" అని ఒక్కో మాటతో వరసలు కనిపిస్తే, ఆ పట్టిక నింపినవాళ్లు ఇంకా కష్టమైన మాటలు మాట్లాడుకోలేదని అర్థం. సమన్వయం పూర్తయిందో లేదో ఎవరూ తేల్చలేరు, కాబట్టి దానికి ఎవరూ జవాబు చెప్పలేరు.

నాలుగో వరసలో మూడు గడుల్లో పని ఉంది, ఒక్క గడిలో జవాబు. పరీక్షలో అందరూ పాల్గొనాలి, ఎందుకంటే ఖాతా ఒకరిది, దరఖాస్తు మరొకరిది, పత్రం అందుకునేది ఇంకొకరు. కానీ "ఈ పరీక్ష నెగ్గినట్టేనా?" అన్నదానికి ఒక్కరే తీర్పు చెప్పాలి. ఆనాడు ప్రారంభానికి కొద్దిరోజుల ముందు జరిపిన ఒక పరీక్షలో, కొన్ని వందలమంది ఒకేసారి వచ్చినట్టు నటింపజేస్తేనే వ్యవస్థ కుప్పకూలిందని తర్వాత వార్తలొచ్చాయి. ఆ సంగతి తెలిసినవాళ్లు లేకపోలేదు. తెలిసినవాళ్లకు ఆపే అధికారం లేదు. అధికారం ఉన్నవాళ్ల దాకా ఆ సంగతి ఆ రూపంలో చేరలేదు. ఈ వరసలో జవాబు గడిలో ఒక మనిషి పేరుంటే ఆ పరీక్ష ఫలితం మొదట ఆ మనిషి బల్ల మీదికే వెళ్లేది.

అన్నిటికన్నా కష్టమైనది చివరి వరస. జవాబు గడి ప్రారంభ నాయకుడిదా, మంత్రిదా? చాలామంది ప్రాజెక్టు నిపుణులు నాయకుడి పేరే రాస్తారు. నేను మంత్రిదని రాశాను, కారణముంది. 2010లో వచ్చిన చట్టంలో అక్టోబర్ 1 అన్న తేదీ లేదు. నమోదు ఎప్పుడు మొదలవ్వాలో నిర్ణయించే పనిని చట్టం మంత్రికి వదిలింది. ఆ తేదీని శాఖే తన నిబంధనల్లో పెట్టింది. అంటే దాన్ని కదిలించగల అధికారం అక్కడే ఉంది. తేదీని కదిలించలేని అధికారిని తేదీకి జవాబుదారీ చేస్తే, అతను చేయగలిగింది ఒక్కటే: అన్నీ బాగున్నాయని పైకి చెప్పడం. కింది నుంచి పైకి వెళ్లే కొద్దీ ఎరుపు గుర్తులు పసుపుగా, పసుపు గుర్తులు ఆకుపచ్చగా మారిపోయే నివేదికలు అలాగే పుడతాయి. అందుకే నాయకుడి గడిలో పని అని రాశాను. పరీక్ష ఫలితాలన్నీ సేకరించి, తెరవొచ్చో లేదో తన సిఫారసు రాతపూర్వకంగా ఇవ్వడం అతని పని. దాన్ని చదివి సంతకం పెట్టడమో తిరస్కరించడమో మంత్రిది.

కంపెనీల్లో కూడా ఇదే జరుగుతుంది. తేదీని అమ్మకాల విభాగాధిపతి పత్రికలవాళ్లకు ముందే చెప్పేస్తారు, పట్టికలో తేదీకి జవాబుదారీగా ప్రాజెక్టు మేనేజర్ పేరుంటుంది. తేదీ ఎవరి నోటి నుంచి వచ్చిందో, ఎవరి మాటతో మారుతుందో, ఆ పేరే ఆ గడిలో రాయాలి. రాయడానికి అందరూ మొహమాటపడతారు. ఆ మొహమాటం తీరేదాకా పట్టిక పూర్తయినట్టు కాదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నా పట్టికలో కంపెనీల పేర్లతో నిలువు గడులు పెట్టాను, ఎందుకంటే బయటివాడిగా అంతకంటే లోపలికి వెళ్లలేను. నిజమైన పట్టికలో అలా ఉండకూడదు. "సీఎంఎస్" అని రాయడం, "ఐటీ విభాగం" అని రాయడం, "కమిటీ" అని రాయడం ఖాళీ గడితో సమానం. ఆనాడు కంపెనీలన్నీ సీఎంఎస్ అని వేలు చూపించాయి. ఆ వేలు చూపించిన చోట ఒక భవనం ఉంది, మనిషి లేడు. ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 2016లో ఇచ్చిన నివేదిక తేల్చిన ప్రధాన లోపాల్లో స్పష్టమైన నాయకత్వం లేకపోవడం ఒకటి.

తర్వాత ఏం జరిగిందో చూస్తే ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. అక్టోబర్ మూడో వారం తర్వాత అధ్యక్ష భవనం జెఫ్ జైంట్స్ అనే నిర్వాహకుణ్ణి రంగంలోకి దింపింది. ఆయన అక్టోబర్ 25న రెండు విషయాలు ప్రకటించారు. క్యూఎస్ఎస్ఐని ప్రధాన కాంట్రాక్టరుగా నియమించామని, నవంబర్ నెలాఖరుకల్లా చాలామందికి వెబ్‌సైట్ సాఫీగా పనిచేస్తుందని. చేయాల్సిన మరమ్మతులన్నీ ఒకే చిట్టాలోకి వచ్చాయి, ఆ చిట్టా ఒక్కచోట ఉంది. మేరీల్యాండ్ రాష్ట్రంలోని కొలంబియాలో ఒక నియంత్రణ కేంద్రం నడిచింది. గూగుల్ నుంచి వచ్చిన ఇంజినీరు మైకీ డికర్సన్ అక్కడ రోజూ నిలబడి జరిపే సమావేశాలు నడిపారు. ఆ గదికి ఆయన పెట్టిన నియమాలు కొన్ని ఉన్నాయి. ఇక్కడికి వచ్చింది సమస్య తీర్చడానికి, నెపం వేయడానికి కాదు. మాట్లాడాల్సింది ఆ సమస్య గురించి ఎక్కువ తెలిసినవాళ్లు, పెద్ద హోదా ఉన్నవాళ్లు కాదు.

ఈ రెండో నియమంలో గొప్ప వివేకం ఉంది. జవాబు ఒక్కరిదే అన్నంత మాత్రాన జ్ఞానం కూడా వారి దగ్గరే ఉంటుందని కాదు. జవాబుదారీ అయినవారు పని చేసేవాళ్ల నోటి నుంచి నేరుగా వినాలి, మధ్యలో వడపోత లేకుండా. అలా వినగలిగితేనే ఆ గడిలో ఉన్న మనిషికి తన తీర్పు మీద నమ్మకం కుదురుతుంది.

డిసెంబర్ 1న ప్రభుత్వం ఇచ్చిన నివేదిక ప్రకారం 400 పైగా మరమ్మతులు జరిగాయి, ఒకేసారి 50,000 మంది వాడుకునే స్థితికి వెబ్‌సైట్ చేరింది, పేజీ తెరుచుకోవడానికి పట్టే సగటు సమయం ఒక సెకను లోపుకు దిగింది. ఇదంతా పేర్లు రాయడం వల్లనే జరిగిందనడం అన్యాయం. కొత్త సర్వర్లు వచ్చాయి, మంచి ఇంజినీర్లు రాత్రింబవళ్లు పనిచేశారు, డబ్బు ఖర్చయింది. కానీ పనిచేసినవాళ్లలో ఎక్కువమంది పాతవాళ్లే, కోడ్‌లో ఎక్కువ భాగం పాతదే. మారినవాటిలో ముఖ్యమైనది, ఏ సమస్య ఎవరి దగ్గరుందో, అది తీరిందని ఎవరు ఒప్పుకోవాలో ప్రతి రోజూ తేలడం. ఇక సీజీఐ ఫెడరల్ కాంట్రాక్టు పునరుద్ధరణ కాలేదు. 2014 జనవరిలో ఆ పని యాక్సెంచర్‌కు వెళ్లింది.

ఈ కథ హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో కూర్చుని అమెరికా కంపెనీల సాఫ్ట్‌వేర్ రాసే మన పిల్లలకు చాలా దగ్గరిది. వాళ్లలో ఎక్కువమంది ఉండేది పని గడిలో. జవాబు గడి ఎక్కడో క్లయింటు దగ్గర ఉంటుంది, లేదా ఎక్కడుందో ఎవరికీ తెలియదు. తెలియనప్పుడు ప్రారంభం రోజు రాత్రి ఏదైనా ఆగిపోతే, నింద అన్నిటికంటే కింద ఉన్న పని గడి దాకా జారి అక్కడ ఆగుతుంది. అందుకని పట్టిక అడగాల్సింది పైవాళ్లు మాత్రమే కాదు. పని చేసేవాళ్లు ముందుగా అడగాలి. "సార్, నేను రాసిన ఈ భాగం సరిగా ఉందని ఎవరు ఒప్పుకుంటారు? వాళ్ల పేరు చెప్పండి" అని మొదటి వారంలోనే అడగడం ధిక్కారం కాదు. ఆ ప్రశ్నకు సమాధానం దొరకకపోతే ప్రాజెక్టులో ఒక పెద్ద చిల్లు కనబడినట్టే.

పట్టిక గీసేశాక దాన్ని రెండు విధాలుగా చదవాలి. అడ్డంగా చదివితే ఒక వరసలో రెండు జవాబులున్నాయా, అసలు లేదా అన్నది తెలుస్తుంది. రెండు ఉన్నచోట సాధారణంగా ఇద్దరు పెద్దవాళ్ల మధ్య తేలని తగువు ఒకటి ఉంటుంది. ఇద్దరి పేర్లూ రాసి దాన్ని కప్పిపుచ్చుతారు. నిలువుగా చదివితే ఒకే మనిషి గడుల నిండా జవాబులున్నాయా అన్నది కనిపిస్తుంది. అన్నిటికీ జవాబుదారీ అయిన మనిషి దేనికీ సమయం ఇవ్వలేరు. ఏ గడి చూసినా సలహా అని ఉంటే, ప్రతి నిర్ణయం ముందూ పదిమంది అభిప్రాయం కోసం ఆగాల్సి వస్తుంది. అలాంటి పట్టిక మనుషుల్ని సంతోషపెడుతుంది, పనిని ఆపేస్తుంది.

పట్టిక చేయలేనివీ ఉన్నాయి. సిద్ధంగా లేదని నిజం చెప్పినవాణ్ణి మందలించే చోట పట్టిక ఎంత చక్కగా ఉన్నా నిజం పైకి రాదు. నలుగురు ఒకే గదిలో కూర్చుని చేసే పనికి అసలు పట్టిక అక్కర్లేదు, మాట్లాడుకుంటే చాలు. ఇది ఒకసారి గీసి గోడకు అంటించేది కూడా కాదు. మనిషి మారినా, పని పరిధి మారినా ఆ వరస మళ్లీ రాయాలి. హెల్త్‌కేర్ డాట్ గవ్‌లో ఖాతా లేకుండా చూసే వీలు తీసేసిన రోజు పట్టికలో కనీసం మూడు వరసలు తిరగరాయాల్సింది.

మీ సంస్థలో ఇప్పుడు ఏదైనా ప్రారంభానికి సిద్ధమవుతుంటే, పట్టిక మొత్తం వేసే తీరిక లేకపోయినా ఒక్క వరస వేయండి: అనుకున్న తేదీకి తెరవడమా, వాయిదా వేయడమా. జవాబు గడిలో ఒక్క మనిషి పేరు రాయండి. రాశాక ఆ మనిషి దగ్గరికే వెళ్లి "మీరు వద్దంటే ఇది ఆగుతుందా?" అని అడగండి. ఆగదని చెబితే ఆ పేరు కొట్టేసి, ఎవరు వద్దంటే ఆగుతుందో వాళ్ల పేరు రాయించండి, తేదీ ప్రకటించకముందే.